కాడి పుండు: దుక్కి టెద్దు మెడ, మేత, గిట్టల సంరక్షణ

మృగశిర కార్తెలో తొలి జల్లులు పడగానే నాగలి కట్టిన ఎద్దు, వారం తిరగకుండానే మెడపై వాపుతో కొట్టంలో నిలబడిపోవడం తెలంగాణ పల్లెల్లో తరచుగా కనిపించే సంగతి. పదును పోకముందే విత్తనం వేయవలసిన ఆ పది పదిహేను రోజుల్లో ఒక ఎద్దు ఆగితే జోడి ఆగుతుంది, జోడి ఆగితే అదను దాటుతుంది. అందుకే కాడి పుండును రైతు మామూలు గాయంగా చూసి, పసుపు రాసి మళ్ళీ కాడి కింద పెడతాడు. నిజానికి ఆ పుండు పుట్టుక ఆ వారంలో లేదు. దానికి ముందు గడచిన రెండు మాసాల వేసవిలో, ఎద్దు తిన్న మేతలో, పెరిగిన గిట్టల్లో, అటకపై ఎండిన కాడిమానులో ఉన్నది.

వేసవిలో పని లేని ఎద్దుకు సాధారణంగా దాణా మానేస్తారు. వరిగడ్డి లేదా పాత జొన్న చొప్ప మాత్రమే వేస్తారు. వరిగడ్డిలో జీర్ణమయ్యే మాంసకృత్తులు దాదాపు శూన్యం. రోహిణి కార్తె నాటికి ఎద్దు బరువు తగ్గి, మూపురం ముందు భాగంలో చర్మం కింది కొవ్వు కరిగిపోతుంది. పని చేసే రోజుల్లో కాడి ఒరిపిడికి మందంగా గట్టిపడిన మెడ చర్మం కూడా రెండు నెలల విరామంలో మెత్తబడుతుంది. అలాంటి మెడపై మొదటి రోజే ఆరేడు గంటలు కాడి వేస్తే, కర్రకూ ఎముకకూ మధ్య నలిగేది పలుచని చర్మమే. పైగా తొలకరి వానకు తడిసిన చర్మం పొడి చర్మం కన్నా త్వరగా ఒరుసుకుపోతుంది.

ఒత్తిడి లెక్క

కాడి ఎందుకు గాయం చేస్తుందో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. ఎద్దు తన శరీర బరువులో సుమారు పదో వంతు లాగుడును కొన్ని గంటలపాటు అలసట లేకుండా భరించగలదు. 400 కిలోల ఎద్దు అయితే అది 40 కిలోలు, జోడికి 80 కిలోలు. ఈ 40 కిలోల ఒత్తిడి అంతా కాడి మెడను తాకే చోటనే పడుతుంది. గుండ్రని సన్నకాడి మెడను తాకే వెడల్పు నాలుగు సెంటీమీటర్లు, పొడవు పదిహేను సెంటీమీటర్లు అనుకుంటే, తాకే వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు. అంటే ప్రతి చదరపు సెంటీమీటరుపై కిలోలో మూడింట రెండు వంతుల ఒత్తిడి. అదే కాడి అడుగు భాగాన్ని మెడ వంపుకు తగ్గట్టు పది సెంటీమీటర్ల వెడల్పున, ఇరవై సెంటీమీటర్ల పొడవున చెక్కించితే వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లవుతుంది. అదే లాగుడుకు ఒత్తిడి మూడో వంతు కన్నా తక్కువకు దిగుతుంది. ఎద్దూ అదే, నాగలీ అదే, పొలమూ అదే. మారినదల్లా వడ్రంగి ఉలి చేసిన పని.

ఒత్తిడి పడిన చోట చర్మంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. కాడి తీసినంతనే రక్తం తిరిగి ప్రవహిస్తుంది కనుక, మధ్య మధ్య విరామం ఇచ్చిన మెడ కోలుకుంటుంది. గంటల తరబడి అలాగే ఉంచితే చర్మం కింది కణజాలం దెబ్బతిని నీరు చేరుతుంది. అందువలన దుక్కిలో రెండు గంటలకొకసారి పావుగంటైనా కాడి దించడం, ఆ విరామంలో మెడను తడిమి చూడడం అవసరం. లాగుట, మోయుట పనులు చేసే పశువులను గురించి 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు కూడా రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు, విరామం లేకుండా వరుసగా ఐదు గంటలకు మించి పని చేయించరాదని, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు పనిలో పెట్టరాదని చెబుతున్నాయి. అవి చట్టం విధించిన గరిష్ఠ హద్దులు మాత్రమే. తొలకరిలో ఎద్దు సత్తువ ఆ హద్దుల దాకా రాదు.

కాడిమానును కూడా పరీక్షించాలి. వేసవిలో ఎండిన కర్రకు పగుళ్ళు వస్తాయి. ముళ్ళు లేస్తాయి. అరచేతిని అడుగు భాగంపై నెమ్మదిగా రాస్తూ పోతే, చేతికి గరుకు తగిలిన ప్రతిచోటా ఎద్దు మెడకు గాయం తగలబోతున్నదని గ్రహించాలి. అక్కడ గాజుపెంకుతోనో చిత్రికతోనో నున్నగా చేసి నూనె పట్టించాలి. మెత్తగా ఉంటుందని గోనెపట్టా చుట్టడం చాలామంది చేసే పని. పొడిగా ఉన్నంతసేపు అది మేలే. చెమటకూ వానకూ తడిసి, మడతపడి, మట్టి రేణువులు పట్టిన గోనె మాత్రం ఆకురాయిలా పని చేస్తుంది. చుట్టదలచినవారు ప్రతి సాయంత్రం విప్పి ఉతికి ఆరవేయాలి. అంత ఓపిక లేనివారు నున్నని కర్రను అలాగే వాడడం మంచిది.

జోడి ఎత్తు, బండి తూకం

రెండెద్దుల ఎత్తు సమానం కానప్పుడు కాడి వాలుతుంది. వాలిన కాడి పొట్టి ఎద్దు వైపు జారుతూ, వెడల్పాటి అడుగుతో కాక అంచుతో దాని మెడను నొక్కుతుంది. పుండు ఎప్పుడూ ఒకే ఎద్దుకు, ఒకే పక్క వస్తున్నదంటే మొదట చూడవలసినది ఎత్తునే. రెక్కనాగలితో దున్నేటప్పుడు ఒక ఎద్దు చాలులో నడుస్తుంది, మరొకటి దున్నని నేలపై నడుస్తుంది. చాలు లోతు పది, పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది కనుక పొడవైన ఎద్దును చాలు వైపున కడితే తేడా చాలా వరకు సర్దుకుంటుంది. దాపటెద్దును వలపటికి మార్చడానికి రైతులు వెనుకాడతారు. అలవాటైన పక్కన నడిచే ఎద్దు కొత్త పక్కన ఒకటి రెండు రోజులు తడబడుతుంది నిజమే. ఆ అలవాటును వేసవి చివర ఖాళీ కాడితో చేయించాలి కాని, విత్తే వారంలో కాదు.

బలంలో తేడా ఉంటే మరో ఉపాయం ఉంది. కాడి మధ్యలో నాగలిని కట్టే చోటు నుండి రెండు మెడల వరకు ఉన్న దూరాలు సమానమైతే లాగుడు సగం సగంగా పడుతుంది. ఆ దూరం 60 సెంటీమీటర్ల చొప్పున ఉన్నదనుకుందాం. కట్టును బలమైన ఎద్దు వైపు ఐదు సెంటీమీటర్లు జరిపితే, దూరాలు 55, 65 అవుతాయి. అప్పుడు నూటికి 54 వంతుల లాగుడు బలమైన ఎద్దుకు, 46 వంతులు బలహీనమైనదానికి పడుతుంది. కోడెను ముదురెద్దుతో జోడించి పని నేర్పేటప్పుడు ఇది బాగా ఉపకరిస్తుంది.

బండిలో సమస్య వేరు. అక్కడ లాగుడుతో పాటు నొగ బరువు కూడా మెడపై పడుతుంది. ఇరుసుకు ముందు వైపు ఎంత సరుకు ఎక్కువైతే మెడపై అంత భారం. ఎనిమిది వందల కిలోల ఎరువు నింపిన బండిలో మొత్తం బరువు కేంద్రం ఇరుసుకు పది సెంటీమీటర్లు ముందున్నదనుకుందాం. ఇరుసు నుండి కాడి మూడు మీటర్ల దూరంలో ఉంటే జోడి మెడలపై పడే భారం సుమారు 27 కిలోలు. అదే బరువు కేంద్రం ముప్పై సెంటీమీటర్లు ముందుకు జరిగితే భారం 80 కిలోలవుతుంది. సరుకు పెరగలేదు, సర్దుబాటు మాత్రమే తప్పింది. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి, జోతెలు గొంతును నొక్కుతాయి. ఎద్దు దగ్గుతూ, నాలుక చాస్తూ నడుస్తుంది. సరుకు నింపిన తరువాత, ఎద్దులను కట్టకముందే, నొగను ఒక మనిషి చేతితో పైకెత్తి చూడాలి. ఎత్తడానికి కాస్త బరువనిపించాలి, కాని ఒక్కడి వల్ల కాకుండా పోరాదు. దిగుడు దారిలో బరువంతా ముందుకు వస్తుంది కనుక మెడ పుండ్లలో చాలా భాగం వాగు దిగేచోట్ల, చెరువు కట్ట దిగేచోట్ల మొదలవుతాయి. అక్కడ చక్రానికి అడ్డుకట్ట వేసి నెమ్మదిగా దించాలి.

పనికి ముందు మూడు వారాల మేత

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు ఎద్దుల వంటి గట్టి పశువులైనా, ఒంగోలు జాతి భారీ ఎద్దులైనా, పని నాటికి బలం పుంజుకోవడానికి మేత ముందుగా మొదలు కావాలి. అందుకు ఎద్దు బరువు తెలియాలి. తక్కెడ లేని ఊరిలో టేపు చాలు. మూపురం వెనుకగా, ముందుకాళ్ళ వెనుక నుండి ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొన నుండి పిరుదు ఎముక వరకు పొడవును అంగుళాలలో కొలవాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, వచ్చిన దానిని పొడవుతో హెచ్చించి, 300తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. చుట్టుకొలత 68, పొడవు 58 అంగుళాలున్న ఎద్దుకు అది 894 పౌండ్లు, అంటే సుమారు 405 కిలోలు.

ఇలాంటి ఎద్దు రోజుకు తన బరువులో నూటికి రెండు నుండి రెండున్నర వంతుల ఎండు పదార్థం తింటుంది. నరికిన జొన్న చొప్ప ఆరు కిలోలు, పచ్చిమేత పది కిలోలు, దాణా రెండు కిలోలు వేస్తే ఆ లెక్క సరిపోతుంది. దాణాలో నలిగిన జొన్న లేక మొక్కజొన్న నలభై పాళ్ళు, తవుడు ముప్పై, వేరుశనగ లేక పత్తిగింజల చెక్క ఇరవై ఏడు, ఖనిజ లవణ మిశ్రమం రెండు, ఉప్పు ఒకటి చొప్పున కలపవచ్చు. ఉలవలు పండే ప్రాంతాలలో చెక్కలో కొంత భాగానికి బదులుగా ఉడికించిన ఉలవలు వాడతారు. అలవాటైన ఎద్దుకు అవి చక్కగా పని చేస్తాయి. ఎనిమిది గంటల గట్టి దుక్కి ఉన్న రోజులలో దాణాను రెండున్నర, మూడు కిలోలకు పెంచాలి. వాన వల్ల పని ఆగిన రోజున తిరిగి తగ్గించాలి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒక్క రోజులో అంతా మార్చడం. వేసవి అంతా గడ్డి తిన్న ఎద్దుకు దున్నబోయే రోజు ఉదయం మూడు కిలోల జొన్నలు పెడితే, కడుపులోని సూక్ష్మజీవులు దానిని అరిగించలేక ఆమ్లం పెరుగుతుంది. ఎద్దు మేత మానుతుంది. పొట్ట ఉబ్బుతుంది. పేడ పలుచబడి పుల్లని వాసన వస్తుంది. ముదిరితే ప్రాణానికే ముప్పు. అందువలన పనికి మూడు వారాల ముందు అర కిలోతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకొకసారి అర కిలో చొప్పున పెంచుతూ పోవాలి. ఉదయం పనికి రెండు గంటల ముందే మేత ముగించాలి. నిండు కడుపుతో కాడి వేస్తే నెమరు ఆగిపోయి రొప్పు వస్తుంది. నెమరు వేయడానికి ఎద్దుకు రోజులో కొన్ని గంటల విశ్రాంతి అవసరమని పని వేళలు నిర్ణయించేవారు తరచుగా మరచిపోతారు. తొలకరిలో పచ్చిమేత పేరిట, వానలేక గిడసబారిన లేత జొన్న పైరును మేపడం మాత్రం ప్రాణాంతకం. దానిలో ఉండే విషానికి పశువు నిమిషాలలో పడిపోవచ్చు.

గిట్టలు

గిట్టలకూ మెడకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. ఒక కాలు నొచ్చిన ఎద్దు ఆ కాలిపై బరువు తగ్గించడానికి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. కాడి కూడా దానితో పాటు ఒరుగుతుంది. మెడ వాపుతో వచ్చిన ఎద్దును నడిపించి చూడకుండా మందు రాయరాదనేది ఇందుకే.

వేసవిలో మెత్తని కొట్టంలో నిలిచిన ఎద్దు గిట్టలు అరగక, ముందుకు పెరిగి చీలిపోతాయి. పనికి పదిహేను రోజుల ముందు వాటిని కొద్ది కొద్దిగా కత్తిరించి, ఆకురాయితో నునుపు చేయించాలి. అడుగున గులాబీ రంగు కనిపించగానే ఆపాలి. ఆ కింద నెత్తురు, నొప్పి తెలిసే భాగం ఉంటుంది. నల్లరేగడిలో పని చేసే ఎద్దుకు మరో కష్టం ఉంది. గిట్టల సందులో జిగురు మట్టి పట్టి ఎండి గట్టిపడి, సందు చర్మాన్ని చీల్చుతుంది. ఆ చీలికలో కుళ్ళు పడితే దుర్వాసన వస్తుంది, కాలు దించదు. ప్రతి సాయంత్రం సందులను కడిగి, పుల్లతో కాక వేలితో మట్టి తీయాలి. కుళ్ళు మొదలైతే పది లీటర్ల నీటిలో అర కిలో మైలుతుత్తం కరిగించి, కడిగిన కాళ్ళను ఆ ద్రావణంలో కొన్ని నిమిషాలు ముంచి నిలపాలి. మట్టి కాళ్ళతో ముంచితే మందు పని చేయదు. ఆ నీటిని పశువులు తాగే చోట పారబోయరాదు.

దున్నే ఎద్దుకు లాడాలు అవసరం లేదు. రాళ్ళ బాటపై, తారు రోడ్డుపై బండి లాగే ఎద్దుకే కావాలి. హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి, హిమాయత్‌నగర్ దారులపై సరుకు బండ్లు తిరిగిన రోజులలో నాలు కొట్టేవారికి నిత్యం పని ఉండేది. ఇప్పుడు ఆ చేతివాటం తెలిసినవారు అరుదు. గిట్టకు రెండు చీలికలున్నందున ఒక్కొక్క కాలికి రెండు రేకులు కావాలి. మేకు గిట్ట బయటి గోడలోనే దిగి, పక్కగా బయటకు రావాలి. లోపలికి తిరిగిన మేకు వల్ల మరునాటికే ఎద్దు కుంటుతుంది. గిట్ట వేడెక్కుతుంది. అలాంటప్పుడు ఏ మేకో తట్టి గుర్తించి, దానిని పీకి, ఆ రంధ్రంలో టింక్చర్ అయోడిన్ పోయాలి. గిట్ట పెరుగుతుంది కనుక రేకు అరగకపోయినా నెల, నెలన్నరకు ఒకసారి విప్పి, గిట్ట కోసి, తిరిగి కొట్టించాలి.

ఒక జోడి, ఒక వారం

ఎర్రచెల్క నేలలో తొలి దుక్కికి కట్టిన 405 కిలోల ఎద్దును తీసుకుందాం. జతలోని మరో ఎద్దు నాలుగు వేళ్ళు ఎత్తు. మొదటి రోజు ఉదయం ఆరు నుండి పదకొండు వరకు ఆపకుండా, తిరిగి సాయంత్రం రెండున్నర గంటలు దున్నారు. ఆ సాయంత్రం మెడపై ఏమీ కనిపించదు. రాత్రంతా నీరు చేరి, మరునాటి ఉదయానికి మూపురం ముందు, ఒక పక్కగా, అరచేతి మందాన వాపు లేస్తుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది. చేయి వేస్తే వేడి తెలుస్తుంది. కాడి చూడగానే ఎద్దు తల పక్కకు తిప్పుకుంటుంది. ఈ ఘడియలో తీసుకునే నిర్ణయం మీదనే ఆ సీజను ఆధారపడుతుంది.

ఆ రోజే కాడి మానితే ఇది సాధారణంగా వారం, పది రోజులలో తగ్గే వాపు. మొదటి రెండు రోజులు రోజుకు మూడు నాలుగు సార్లు, పావుగంట చొప్పున, చన్నీటిలో తడిపిన గుడ్డ వేయాలి. మూడో రోజు నుండి చేతికి ఓర్చుకోగల వేడినీటి కాపడం పెట్టి, ఆరిన తరువాత మెగ్నీషియం సల్ఫేటును గ్లిజరినుతో ముద్దగా కలిపి పట్టించవచ్చు. మొదటి రోజే వేడి కాపడం పెడితే వాపు పెరుగుతుంది. నొప్పి, జ్వరం ఉంటే పశువైద్యుడు మెలాక్సికమ్ వంటి మందు ఇస్తారు. పాత అలవాటుతో డైక్లోఫెనాక్ అడిగేవారు ఇంకా ఉన్నారు. ఆ మందు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు చనిపోతున్నందున పశువులకు దాని వాడకాన్ని 2006లోనే దేశంలో నిషేధించారు.

అదే ఎద్దును నూనె, పసుపు రాసి మరో మూడు రోజులు కాడి కింద ఉంచారనుకుందాం. చర్మం లేచిపోయి పుండు తెరుచుకుంటుంది. ఈగలు ముసురుతాయి. లేదా చర్మం పగలకుండానే లోపల చీము పట్టి, వాపు మధ్యలో మెత్తబడుతుంది. చీమును పశువైద్యుని చేత కింది వైపు నుండి కోయించి, పూర్తిగా కారనిచ్చి, అయోడిన్ గుడ్డ పెట్టించాలి. పైన చిన్న రంధ్రం చేసి పిండితే అడుగున చీము మిగిలి మళ్ళీ మళ్ళీ పొంగుతుంది. పుండులో పురుగులు కనిపిస్తే టర్పెంటైను నూనె గుడ్డ పెట్టి, బయటికి వచ్చినవాటిని ఒక్కొక్కటిగా తీసివేయాలి. చుట్టూ వేపనూనె రాస్తే ఈగ వాలదు. ఇలా ముదిరినది మానడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఏటేటా ఇలా జరిగితే అక్కడ గట్టి కంతి ఏర్పడుతుంది. దానికి నొప్పి ఉండదు, మందుకు కరగదు. కాడి సరిగా కూర్చోనివ్వదు కనుక శస్త్రచికిత్సతో తీయించవలసిందే, అదీ పని లేని కాలంలో. వాతలు పెట్టడం వల్ల కంతి తగ్గదు. కాలిన చోట మచ్చపడి, సాగని చర్మం మరుసటి ఏడు మరింత త్వరగా చీలుతుంది.

కాడి వేయని ఎద్దుకూ, ఆవుకూ మూపురంపై దురదతో కూడిన, పొట్టు కట్టిన పుండు వస్తే అది కాడి పుండు కాదు. ఈగల ద్వారా సంక్రమించే ఒక సన్నని పురుగు వల్ల వచ్చే మూపురం పుండు అది. కోస్తా ప్రాంతంలో ఇది ఎక్కువ. వానాకాలంలో పెరిగి, వేసవిలో కొంత తగ్గుతుంది. దీనికి కాడి మార్చినా, విశ్రాంతి ఇచ్చినా ఫలితం ఉండదు. పశువైద్యుడు చర్మపు పొట్టును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, పురుగు మందు ఇవ్వాలి. గాలికుంటు సోకి కోలుకున్న ఎద్దు విషయం కూడా వేరు. పుండ్లు మానినా కొన్ని ఎద్దులకు ఎండలో కొద్దిపాటి పనికే రొప్పు వస్తుంది. దానిని మెడ నొప్పిగానో మొండితనంగానో భావించి కొట్టడం వృథా. అలాంటి ఎద్దు ఉదయపు తేలిక పనికి మించి పనికిరాదు.

మానిన ఎద్దును తిరిగి పనికి కట్టే ముందు మూడు పరీక్షలు చేయాలి. పుండు ఉన్న చోటును బొటనవేలితో గట్టిగా నొక్కినా ఎద్దు కదలకూడదు. అక్కడి చర్మాన్ని చిటికెతో పట్టి కదిలిస్తే కింది కండకు అతుక్కోకుండా జారాలి. వెంట్రుకలు మొలవడం మొదలు కావాలి. మొదటి మూడు రోజులు గంట సేపు గుంటుక వంటి తేలిక పని, తరువాత రెండు గంటలు, ఆ తరువాత నాగలి. మొదటి రోజు పని ముగిసిన సాయంత్రం కాక మరునాటి తెల్లవారుజామున, కొట్టంలో నుండి తీయకముందే, చేత్తో మెడను తడిమి చూడాలి. వాపు రావడానికి ఒక రాత్రి పడుతుంది కదా.

మన ఉదాహరణలోని జోడికి చేయవలసిన మార్పులు రెండే. నాలుగు వేళ్ళ ఎత్తు తేడాకు పొడవైన ఎద్దును చాలు వైపు కట్టాలి. పొట్టి ఎద్దు వైపు కాడి అడుగును వెడల్పుగా చెక్కించి, అంచును గుండ్రం చేయించాలి. ఈ పని వడ్రంగికి ఒక పూట పడుతుంది. దానిని మే నెలలో చేయిస్తే వడ్రంగి తీరికగా ఉంటాడు, ఎద్దూ తీరికగా ఉంటుంది. జూన్ రెండో వారంలో ఆ ఇద్దరిలో ఎవరూ తీరికగా దొరకరు.